పెట్టె మీద ఉన్న నెల తెర మీద ఎందుకు లేదు?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రిగారికి,



ఏటా జూన్ చివర్లో ఒకసారి, దసరా దీపావళి ముందు మరోసారి ఆన్‌లైన్‌లో పరుగు బూట్ల ధరలు బాగా దిగుతాయి. కొత్త మోడల్ వచ్చే ముందు పాత మోడల్ స్టాకు ఖాళీ చేసుకోవడానికి పెట్టే అమ్మకాలివి. ఆగస్టు ఆఖరులో హైదరాబాద్ మారథాన్ ఉంటుంది కాబట్టి మా వైపు పరుగెత్తేవాళ్లు చాలామంది జూన్, జూలై సేల్‌లోనే బూట్లు కొనుక్కుంటారు. విజయవాడలో మా పరుగు బృందంలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఫోన్ చూపించి అడిగే మాట దాదాపు ఒకటే: "అన్నా, ఇది పోయినేటి మోడల్. సగం ధరకే ఇస్తున్నారు. ఫోమ్ పాడైపోయి ఉంటుందంటావా?"

దీనికి సరైన జవాబు చెప్పాలంటే రెండు సంగతులు తెలియాలి. ఆ జత ఎప్పుడు తయారైంది, దాని అడుగున వేసిన ఫోమ్ ఏ రకం. ఫోమ్ రకం కాస్త వెతికితే దొరుకుతుంది. తయారైన నెల మాత్రం అమ్మకపు పేజీలో కనపడదు. కనపడాల్సిన పని లేదని మీ శాఖ నిబంధనే చెబుతోంది. 2011 నాటి లీగల్ మెట్రాలజీ (ప్యాకేజ్డ్ కమోడిటీస్) నిబంధనల్లో 6వ నిబంధన ప్రకారం పెట్టె మీద ధర, తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామాతో పాటు నెల, సంవత్సరం కూడా ఉండాలి. అదే నిబంధనలోని 10వ ఉప నిబంధన ఈ వివరాలన్నీ ఆన్‌లైన్ అమ్మకాల తెర మీద కూడా చూపించాలంటూనే, తయారైన లేదా ప్యాక్ చేసిన నెల, సంవత్సరాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. 2018 జనవరి 1 నుంచి ఇది అమల్లో ఉంది. పాదరక్షల వరకైనా ఈ మినహాయింపు తీసేయమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తాను. బూట్లకు మందుబిళ్లల్లా గడువు తేదీ వేయమని నేను అడగడం లేదు. అలాంటి తేదీ వేస్తే అది అబద్ధమే అవుతుంది. ఎందుకో చెప్పాలంటే ఫోమ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

రోజూ పరుగెత్తడానికి వాడే బూట్లలో చాలావాటికి పాదం కింద ఉండే మెత్తని పొర, అంటే మిడ్‌సోల్, ఈవీఏ అనే ప్లాస్టిక్‌తో గానీ దాన్ని ఇంకో పదార్థంతో కలిపిన మిశ్రమంతో గానీ చేస్తారు. పూర్తి పేరు ఇథిలీన్ వినైల్ ఎసిటేట్. 1970ల నుంచి పరుగు బూట్లలో ఉంది. లోపలంతా కంటికి ఆనని చిన్న చిన్న గదులు, ప్రతి గదిలో గాలి, చుట్టూ పల్చటి గోడలు. కాలు నేలకు తగిలినప్పుడు గదులు నొక్కుకుపోయి, కాలు లేవగానే మళ్లీ తెరుచుకుంటాయి. పది కిలోమీటర్లు పరుగెత్తితే ఒక్కో కాలు నాలుగైదు వేలసార్లు నేలను తాకుతుంది, తాకిన ప్రతిసారీ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల బరువు పడుతుంది. అలా మడతపడీ మడతపడీ గదుల గోడలు ముడుచుకుపోతాయి, కొన్నిటికి చిల్లులు పడతాయి. పైకి బూటు కొత్తగానే ఉంటుంది, లోపల మాత్రం మెత్తదనం తగ్గిపోతుంది.

ఇది ఊహ కాదు. 2004లో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో వెర్డెజో, మిల్స్ అనే పరిశోధకులు ఈవీఏ బూట్లను పరుగుతో అరగదీసి చూశారు. 500 కిలోమీటర్ల తర్వాత మడమ కింద పడే గరిష్ఠ ఒత్తిడి సగటున రెట్టింపైంది. 750 కిలోమీటర్లు తిరిగిన ఫోమ్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే గదుల గోడల్లో ముడతలు, చిల్లులు కనపడ్డాయి. చిన్న ప్రయోగమే, అన్ని బూట్లకూ ఇదే అంకె అంటించలేం. కానీ అంతకుముందు 1985లో అమెరికాలో యంత్రాల మీద చేసిన పరీక్షలు కూడా ఇదే దిక్కు చూపించాయి. అదరును ఆపుకునే శక్తిలో దాదాపు పావు వంతు మొదటి 80 కిలోమీటర్లలోనే పోయింది, ఆ తర్వాత తగ్గడం నెమ్మదించింది.

ఇక్కడ గమనించాల్సింది, ఈ నష్టమంతా పరుగు వల్ల జరిగినది. అట్టపెట్టెలో కాగితం చుట్టుకుని కూర్చున్న బూటు మీద ఏ బరువూ పడదు. నీడన, మామూలు ఉష్ణోగ్రతలో ఉంచిన ఈవీఏ బూటుకు రెండేళ్లలో జరిగేది చాలా తక్కువ. గాలిలోని ఆక్సిజన్ వల్ల పైపొర కొంచెం గట్టిపడొచ్చు, తెల్లటి ఫోమ్ పచ్చబారొచ్చు. పచ్చబారడం ఎక్కువగా రంగు మార్పే, అంతమాత్రాన మెత్తదనం పోయిందని కాదు. నైట్రోజన్ నింపిన ఫోమ్ అని ప్రకటనల్లో చూసి, ఆ వాయువు పెట్టెలోనే కారిపోతుందేమోనని కొందరు భయపడతారు. ఆ వాయువు పని ఫోమ్‌ను పొంగించడం వరకే. తయారైన కొన్నాళ్లకే అది మెల్లగా బయటికి పోయి మామూలు గాలి లోపలికి చేరుతుంది. కొత్త మోడల్‌లోనూ అంతే, పాత మోడల్‌లోనూ అంతే.

అందుకే ఏడాదిన్నర, రెండేళ్ల కిందట తయారైన ఈవీఏ బూటు సగం ధరకు వస్తుంటే కొనమనే చెబుతాను. ఇది నేను మనస్ఫూర్తిగా నమ్మే మాట.

మరి నెలతో పని ఏముంది అని మీరు అడగొచ్చు. ఉంది. బూటంతా ఈవీఏ కాదు. బూట్లన్నీ ఈవీఏవి కావు. గోదాములన్నీ చల్లగా ఉండవు.

పాత స్టాకులో ముందు పోయేది చాలాసార్లు ఫోమ్ కాదు, జిగురు. మిడ్‌సోల్‌కు కింది రబ్బరును, పైనున్న బట్టను అంటించేది జిగురే. వేడి, తేమ రెండూ దాన్ని బలహీనం చేస్తాయి. మన దగ్గర గోదాములు చాలావరకు రేకుల కప్పు కింద ఉంటాయి. మే నెలలో బయట 45 డిగ్రీలుంటే రేకు కింద పై అరలో ఎంత ఉంటుందో అక్కడ పనిచేసేవాళ్లను అడిగితే చెబుతారు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతంలో దానికి ఏడాది పొడుగునా తేమ తోడవుతుంది. ఒక వేసవి గడిచిన పెట్టెకూ నాలుగు వేసవులు గడిచిన పెట్టెకూ తేడా ఉంటుంది. ఎన్ని వేసవులు గడిచాయో చెప్పేది ఆ నెల, సంవత్సరం ఒక్కటే.

ఈ మధ్య మా బృందంలో ఇద్దరు కుర్రాళ్లు ఒకే రోజు ఒకే పేజీ నుంచి ఒకే మోడల్ తెప్పించుకున్నారు. ధర ఒకటే, రంగు ఒకటే, సైజులు వేరు. పెట్టెలు వచ్చాక పక్కపక్కన పెట్టి లేబుళ్లు చదివాం. ఎనిమిదో నంబరు పెట్టె మీద ఏడాది కిందటి నెల ఉంది. పదకొండో నంబరు పెట్టె మీద మూడేళ్లు దాటిన నెల ఉంది. పెద్ద సైజులు నెమ్మదిగా అమ్ముడవుతాయి కాబట్టి ఆ జత అలా అరలోనే ఉండిపోయిందన్నమాట. మిడ్‌సోల్‌ను బొటనవేలితో నొక్కి చూస్తే రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా తెలియలేదు. పాత జత ముందు భాగాన్ని, పరుగులో వేళ్ల దగ్గర వంగేచోట, చేత్తో మెల్లగా వంచితే మాత్రం బొటనవేలి పక్కన రబ్బరుకూ ఫోమ్‌కూ మధ్య సన్నటి నల్లని గీత తెరుచుకుంది. గోరు పెడితే లోపలికి దిగింది. లోపల జిగురు ఎండిన పొరలా మెరుస్తూ కనపడింది. ఆ అబ్బాయి వాపసు పంపించాడు, డబ్బు కూడా వచ్చింది. కానీ ఆ సంగతి పెట్టె ఇంటికి వచ్చాక తెలియడం కన్నా కొనే ముందే తెలిసుంటే ఆ రెండు ప్రయాణాల ఖర్చు ఎవరికీ ఉండేది కాదు. ఇంకో మాట. అతను ఆ రోజు బూటు వంచి చూడకపోతే, ఆ అతుకు నెలన్నర తర్వాత దారి మధ్యలో ఊడేది, వాపసు గడువు అప్పటికి దాటిపోయేది.

ఇక ఫోమ్ రకాల సంగతి. పాలీయురెథేన్, పీయూ అంటారు, దానిలో కొన్ని రకాలకు తేమ అంటే అసలు పడదు. గాలిలోని నీటి ఆవిరి ఆ పదార్థపు గొలుసులను ఒక్కొక్కటిగా తెంచుతూ పోతుంది. వాడకపోయినా, పెట్టె మూత తెరవకపోయినా ఇది జరుగుతుంది. మొదట పైపొర జిగటగా అవుతుంది, తర్వాత పగుళ్లు వస్తాయి, చివరికి గోటితో గీరితే పొడిగా రాలుతుంది. ఇప్పటి పరుగు బూట్లలో మిడ్‌సోల్ పూర్తిగా పీయూతో చేసినవి తక్కువ. కొండలెక్కే బూట్లలో, ఫ్యాక్టరీల్లో వేసుకునే సేఫ్టీ షూస్‌లో ఇది బాగా వాడతారు. అందుకే నా విన్నపం పరుగెత్తేవాళ్లకు మాత్రమే సంబంధించింది కాదు. సేల్‌లో సేఫ్టీ షూస్ కొనుక్కునే కార్మికుడికి ఆ నెల తెలియడం ఇంకా ఎక్కువ అవసరం. 2013లో అడిడాస్ బూస్ట్ పేరుతో తెచ్చిన పూసల్లాంటి ఫోమ్ కూడా పాలీయురెథేన్ కుటుంబానిదే గానీ అది వేరే రకం, ఇలా పొడిపొడిగా రాలే జాతి కాదు. పేరు చూసి దానికి భయపడనక్కర్లేదు.

మూడోది పెబా. 2017లో నైకీ వేపర్‌ఫ్లైతో పోటీ బూట్లలోకి వచ్చిన తేలికైన ఫోమ్ ఇది. దీన్ని కొనేవాడు మెత్తదనం కోసం కొనడు, నొక్కుకుని తిరిగి లేచేటప్పుడు అది ఇచ్చే కొద్దిపాటి లాభం కోసం కొంటాడు. ఆ లాభం వాడకంతో త్వరగానే తరుగుతుంది. 450 కిలోమీటర్లు తిరిగిన పెబా బూటుకు కొత్త పెబా బూటు ఇచ్చిన ఆదా మిగలలేదని ఈమధ్య ఒక పరిశోధనలో తేలింది. అదే పరీక్షలో ఈవీఏ బూటులో కొత్తకూ పాతకూ శక్తి ఖర్చులో తేడా కనపడలేదు, ఎందుకంటే దానికి మొదట్నుంచీ అంత లాభం లేదు. అరలో ఉండగా అది ఎంత తరుగుతుందో నాకు తెలియదు. పోటీ బూటుకు పెట్టే డబ్బంతా ఆ చిన్న తేడా కోసమే కాబట్టి, తయారైన నెల తెలియని పాత పోటీ బూటును డిస్కౌంటు చూసి కొనమని నేను ఎవరికీ చెప్పను. నెల తెలిసి, అది ఏడాదిన్నర లోపుదైతే చెబుతాను.

మోడల్ నంబరు మారిందంటే ఏం మారినట్టు? దీని గురించి కూడా రాయాలి, ఎందుకంటే కొనేవాళ్లు వయసునూ నంబరునూ కలిపేసుకుంటారు. నైకీ పెగాసస్‌నే తీసుకోండి. 2022లో 39వ మోడల్, 2023లో 40వది వచ్చాయి. రెండింటిలోనూ అదే రియాక్ట్ ఫోమ్, ముందూ వెనకా అవే గాలి తిత్తులు. మారింది ముఖ్యంగా పైబట్ట, పాదం పట్టు. అంటే 40 వచ్చిన రోజు 39ని తక్కువ ధరకు కొన్నవాడు కోల్పోయింది దాదాపు ఏమీ లేదు. 2024లో 41వ మోడల్ వచ్చినప్పుడు మాత్రం ఫోమే మారింది, రియాక్ట్ ఎక్స్ అన్నారు. అక్కడ పాతది, కొత్తది తొడిగి చూసి తేల్చుకోవాలి.

అసిక్స్ జెల్ నింబస్ కథ ఇంకా పెద్ద మలుపు తిరిగింది. 2022 నాటి 24వ మోడల్‌కూ 2023 నాటి 25వ మోడల్‌కూ పేరు ఒకటేగానీ బూటు వేరు. ఫోమ్ మందం బాగా పెరిగింది, బయటికి కనపడే జెల్ ముద్ద లోపలికి వెళ్లిపోయింది, మడమకూ వేళ్లకూ మధ్య ఎత్తు తేడా 10 మిల్లీమీటర్ల నుంచి 8కి తగ్గింది. ఆ మరుసటేడు వచ్చిన 26 మళ్లీ 25కి దగ్గరిదే, మార్పులు పైబట్టలో, అడుగు రబ్బరులో. అందుకే 26 కొత్తగా వచ్చినప్పుడు 25ని తక్కువ ధరకు తీసుకోవడం మంచి బేరం. 24 అలవాటైనవాడు పేరు చూసి 25 తీసుకుంటే, లేదా 25 నచ్చినవాడు చవకని 24 తీసుకుంటే, అది అప్పుడు మంచి బేరం కాకపోవచ్చు. ఎత్తు తేడా తగ్గితే పిక్క మీద, మడమ వెనక స్నాయువు మీద భారం పెరుగుతుంది. బ్రూక్స్ ఘోస్ట్‌లో కూడా 16 నుంచి 17కి వచ్చేసరికి ఆ తేడా 12 నుంచి 10 మిల్లీమీటర్లకు దిగింది. రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. పిక్క ఇంతకుముందే నొప్పి చేసినవాడిని అడిగితే ఆ రెండు మిల్లీమీటర్ల విలువ చెబుతాడు.

ఇన్నిటి మధ్య నాకు అర్థమైంది ఏమిటంటే, నంబరు పాతదైతే బూటు వయసు ఎక్కువన్న గ్యారంటీ లేదు. కొన్ని పాత మోడళ్లు కొత్తది వచ్చాక కూడా కొన్ని నెలలు తయారవుతూ ఉంటాయి. అలాగే ఇంకా నడుస్తున్న మోడల్‌లోనే రెండేళ్ల పాత జత ఉండొచ్చు. నంబరు చూసి వయసు ఊహించడం కుదరదు. తేదీ చూడాల్సిందే.

డబ్బు లెక్క కూడా వేసి చూపిస్తాను. కొత్త మోడల్ 12,000 రూపాయలు, పాతది 7,200 అనుకుందాం. మామూలు రోజువారీ బూటు 600 కిలోమీటర్లు వస్తుందనుకుంటే, కొత్తదానికి కిలోమీటరుకు 20 రూపాయలు, పాతదానికి 12 రూపాయలు పడుతుంది. పాతది వయసు వల్ల కొంచెం ముందే పోయి 450 కిలోమీటర్లే వచ్చినా 16 రూపాయలే. అది 360 కిలోమీటర్లు వచ్చేదాకా నష్టం లేదు. ఈ లెక్క చూస్తే పాత మోడల్ కొనేవాడు తెలివైనవాడే. కానీ అతుకు ఊడి 100 కిలోమీటర్లకే మూలన పడితే కిలోమీటరుకు 72 రూపాయలైంది. మంచి బేరానికీ చెడ్డ బేరానికీ మధ్య గీత గీసేది నూటికి ఎంత తగ్గించారన్నది కాదు, ఆ జత గోదాములో ఎన్నాళ్లుందన్నది. తగ్గింపు శాతాన్ని పేజీలో పెద్ద అక్షరాలతో చూపిస్తున్నారు. రెండోదాన్ని అసలు చూపించడం లేదు.

కంపెనీల వైపు నుంచి ఒక అభ్యంతరం ఉంటుందని నాకు తెలుసు, అది న్యాయమైనదే. ఒకే పేజీ కింద దేశమంతటా పది గోదాముల్లో వేర్వేరు నెలల పెట్టెలుంటాయి, ఏ పెట్టె ఎవరికి వెళుతుందో ఆర్డరు పడేదాకా తెలియదు, మరి ఏ నెల చూపించాలి? కచ్చితమైన నెల చూపించడం కష్టమే. అయితే ఆ సైజులో స్టాకులో ఉన్న పెట్టెల్లో అన్నిటికన్నా పాతది ఏ నెలదో చూపించొచ్చు. 'ఈ సైజులో 2023 మార్చిలో, ఆ తర్వాత తయారైనవి' అని ఒక్క వరస చాలు. సైజుల వారీగా ఎన్ని జతలున్నాయో ఇప్పుడే లెక్క చూపిస్తున్నారు కదా, రెండే మిగిలాయని హెచ్చరిస్తున్నారు కూడా. గోదాములోకి పెట్టె వచ్చినప్పుడు బార్‌కోడ్‌తో పాటు లేబుల్ మీది నెలను కూడా ఎక్కించుకుంటే ఆ వరస దానంతటదే వస్తుంది.

తినే వస్తువుల విషయంలో ఈ దారి ఇప్పటికే తెరుచుకుంది. ఆన్‌లైన్‌లో అమ్మే ఆహారం ఇంటికి చేరేసరికి దాని నిల్వ కాలంలో కనీసం 30 శాతమైనా, లేదా గడువుకు 45 రోజులైనా మిగిలుండాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 నవంబరులో అమ్మకపు సంస్థలకు చెప్పింది. అంటే పెట్టె తేదీని చూసి పంపడం గోదాముల వల్ల కాని పని కాదు. లారీ టైర్లలోనూ అంతే. పక్కన నాలుగంకెల్లో వారం, సంవత్సరం అచ్చు వేసుంటాయి, 2324 అంటే 2024లో 23వ వారం. టైరు కొనే లారీ డ్రైవరు ముందు ఆ అంకెలు చూసి, పాతదైతే ధర తగ్గించమని బేరమాడతాడు. బూటు కొనేవాడికీ ఆ వీలు కావాలి. వయసున్న జత తక్కువ ధరకు అమ్ముకోవడంలో తప్పేమీ లేదు, ఆ వయసు చెప్పి అమ్మితే చాలు.

మినహాయింపు పోయేదాకా ఈ లేఖ చదివే పరుగు మిత్రులకు చెప్పాల్సింది కొద్దిగా ఉంది. పెట్టె రాగానే లేబుల్ మీద నెల చూడండి, ఫొటో తీసి ఉంచుకోండి. దిగుమతి సరుకైతే ఆ నెల తయారైనదా, దిగుమతి అయినదా అన్నది కూడా చదవండి, రెంటికీ మధ్య చాలా నెలలుండొచ్చు. కొన్ని కంపెనీలు బూటు లోపల సైజు చీటీ మీద తయారీ తేదీ వేస్తాయి, అది అన్నిటికన్నా నమ్మదగినది. తర్వాత బూటును పట్టపగలు వెలుతురులో పట్టుకుని వేళ్ల దగ్గర వంచి అతుకుల చుట్టూ చూడండి. మిడ్‌సోల్ పక్కగోడ మీద వాడకుండానే అడ్డంగా ముడతలుంటే, నొక్కినప్పుడు ఒక బూటు మెత్తగా ఇంకోటి గట్టిగా ఉంటే, చదునైన బల్ల మీద పెడితే ఒకవైపు ఊగితే, ఆ జత ఎక్కడో వేడికి గురై ఉండొచ్చు. ఇవన్నీ వాపసు గడువులోపే, ఇంట్లో గచ్చు మీదే చూసుకోవాలి. రోడ్డు మీద అడుగు పెట్టిన జతను చాలాచోట్ల వెనక్కి తీసుకోరు. పాత జత కొని, తర్వాత వాడదామని ఇంకో ఏడాది అటక మీద పెట్టకండి. వేసవిలో కారు డిక్కీలో అసలు వదలకండి.

మంత్రిగారూ, నా విన్నపం ఇది. 6వ నిబంధనలోని 10వ ఉప నిబంధనకు, పాదరక్షల విషయంలో నెల, సంవత్సరాల మినహాయింపు వర్తించదని ఒక వాక్యం చేర్చండి. ఒకే పేజీ కింద వేర్వేరు నెలల సరుకున్నప్పుడు ఆ సైజులో అన్నిటికన్నా పాత జత నెలను చూపిస్తే సరిపోతుందని వివరణ ఇవ్వండి. మోడల్ నంబరును కూడా పేరు పక్కనే తప్పనిసరి చేయండి. ఇప్పుడు కొన్ని పేజీల్లో నింబస్ అనో పెగాసస్ అనో రాసి నంబరు వదిలేస్తున్నారు. ఇందులో దేనికీ కొత్త ముద్రణ ఖర్చు లేదు, నెల ఇప్పటికే పెట్టె మీద ఉంది. వచ్చే జూన్ సేల్‌కు ముందే ముసాయిదా విడుదల చేస్తే, అభిప్రాయాలు పంపడానికి మా బృందమే కాదు, మాకు తెలిసిన బూట్ల దుకాణాలవాళ్లు కూడా సిద్ధంగా ఉన్నారు. వాళ్లు కౌంటరు మీద పెట్టె తెరిచి నెల చూపించే అమ్ముతున్నారు.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక పరుగుగాడు